మా ఇంటి సోలార్ అగ్రిమెంట్‌లో ఈ నాలుగు లైన్లు ఉన్నాయి, సంతకం పెట్టొచ్చా? (అనంతపురం, 3 కిలోవాట్లు)

కోవూర్‌నగర్_మేడ · జనవరి 5, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అనంతపురంలో మాది రెండంతస్తుల ఇల్లు. నెలకు 360 యూనిట్ల దాకా కాలుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువే. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు పెట్టించుకుందామని ఒక వెండర్‌తో మాట్లాడాను. మొత్తం 1,95,000 అన్నాడు. 545 వాట్ల ప్యానెళ్ళు ఆరు, ఒక ఇన్వర్టర్, స్ట్రక్చర్, వైరింగ్ అన్నీ కలిపి. సబ్సిడీ 78,000 తర్వాత నా అకౌంట్లో పడుతుందన్నాడు.

నిన్న రెండు పేజీల అగ్రిమెంట్ పంపాడు. అందులో నాకు నమిలి మింగలేనట్టున్న లైన్లు ఇవి, ఉన్నదున్నట్టు రాస్తున్నా.

"ఆర్డర్‌తో పాటు 70 శాతం, మెటీరియల్ వచ్చిన రోజు 25 శాతం, బిగించిన రోజు 5 శాతం చెల్లించవలెను."
"సిస్టమ్‌కు 25 సంవత్సరముల వారంటీ కలదు."
"నెలకు సుమారు 360 యూనిట్లు ఉత్పత్తి అగును."
"నెట్ మీటర్ కస్టమర్ బాధ్యత. కంపెనీ సహకరించును."

ఇంకో సంగతి. కరెంటు సర్వీసు మా మామగారి పేరు మీద ఉంది. ఆయన పోయి మూడేళ్ళైంది. వెండరేమో "అదేం పర్లేదు సార్, తర్వాత చూసుకుందాం" అంటున్నాడు. బుధవారం సంతకం పెట్టమంటున్నాడు. ఏం చేయమంటారు?

---

కొండారెడ్డి_బురుజు · జనవరి 5, రాత్రి 10:15

అన్నా, ఎక్కువ ఆలోచించొద్దు. మా కర్నూల్లో మా బావమరిది పెట్టించుకుని రెండేళ్ళైంది, బిల్లు వందల్లోకి దిగింది. 25 ఏళ్ళు వారంటీ రాసిచ్చాడంటే ఇంకేం కావాలి? ప్యానెల్‌లో తిరిగేవి, అరిగేవి ఏమీ ఉండవు. మన సీమ ఎండకు కరెంటు రాకపోతే ఇంకెక్కడ వస్తుంది. నెట్ మీటర్ కరెంటోళ్ళ పని, వాళ్ళే వచ్చి పెట్టి పోతారు. రేటు ఒక పది వేలు తగ్గించమని అడుగు, చాలు.

---

ఓర్వకల్లు_ఇంజనీరు · జనవరి 6, ఉదయం 6:50

నేను పదకొండేళ్ళుగా సోలార్ ప్లాంట్లలోనే పని చేస్తున్నా. మొదట కర్నూలు దగ్గర గని, శకునాల సోలార్ పార్కులో చేశా, ఇప్పుడు ఇళ్ళ మేడల మీద సిస్టమ్‌లు. బుధవారం సంతకం పెట్టొద్దండి. వెండర్ మోసగాడని కాదు. ఆ కాగితం అతనికి మాత్రమే పనికొచ్చేలా ఉంది.

మొదట డబ్బు సంగతి. బిగించే రోజుకల్లా మీ దగ్గర మిగిలేది 5 శాతం, అంటే 9,750. అదీ ఆ రోజే అయిపోతుంది. బిగించిన తర్వాత అసలు పని మొదలవుతుంది. నెట్ మీటర్ టెస్టింగ్, డిస్కం తనిఖీ, సిస్టమ్ లైన్‌కు కలిసి నడుస్తోందని పథకం పోర్టల్‌లో కమీషనింగ్ రిపోర్ట్, ఆ తర్వాతే సబ్సిడీ. వీటన్నిటికీ మీ వెండర్ నాలుగైదు సార్లు ఆఫీసు చుట్టూ తిరగాలి. జేబులో డబ్బంతా పడ్డాక ఎవరు తిరుగుతారు?

నేషనల్ పోర్టల్‌లో కన్స్యూమర్‌కూ వెండర్‌కూ మధ్య ఒక నమూనా అగ్రిమెంట్ ఉంటుంది. అందులో మూడు విడతలు ఉంటాయి: ఆర్డర్ ఖాయం చేసినప్పుడు ఒకటి, మెటీరియల్ పంపేముందు ఒకటి, బిగించి కమీషన్ అయ్యాక ఒకటి. ఎంత శాతమనేది ఖాళీ వదిలారు, మీరూ వెండరూ మాట్లాడుకుని నింపుకోవాలి. కానీ చివరి విడత "కమీషనింగ్ తర్వాత" అని అచ్చులోనే ఉంది. మీ వెండర్ సొంత కాగితంలో దాన్ని "బిగించిన రోజు"గా మార్చేశాడు. ఒక్క మాటే మారింది, మీ చేతిలో పగ్గం పోయింది.

మిగతావి సాయంత్రం రాస్తా, ఇప్పుడు సైట్‌కి వెళ్ళాలి.

---

టీచరమ్మ_కడప · జనవరి 6, ఉదయం 8:05

నెట్ మీటర్ "కస్టమర్ బాధ్యత" అన్న లైన్ చూడగానే నా కథ రాయాలనిపించింది. మాది ఎర్రముక్కపల్లె. పోయిన ఏప్రిల్‌లో 3 కిలోవాట్లు బిగించారు. నెట్ మీటర్ అప్పటికింకా రాలేదు. బిగించిన అబ్బాయి "మేడమ్, ఆన్ చేసుకోండి, ఈలోగా కరెంటు వృథా ఎందుకు" అని స్విచ్ వేసి పోయాడు. ఫోన్‌లో యాప్ చూసుకుని మురిసిపోయాను, రోజుకు 12 యూనిట్లు వస్తున్నాయని.

నెల తిరిగేసరికి మీటర్ రీడింగ్ 390 యూనిట్లు! మాకు మామూలుగా 150 దాటదు. 570 రూపాయల దగ్గర ఆగే ఎనర్జీ చార్జీ 2,460 అయింది. పొరపాటు రీడింగేమో అనుకుని ఆఫీసుకు పోతే అక్కడి ఆయన నిదానంగా చెప్పారు. మా పాత మీటర్‌కు నెట్ మీటర్‌లా కరెంటు లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ తేడా తెలియదట. ఎటు పోయినా కాలినట్టే లెక్కేస్తుందట. మేం పగలు బడికి పోతాం, ఇంట్లో ఫ్రిజ్ తప్ప ఏమీ నడవదు. ఆ కరెంటంతా లైన్‌లోకి పోయింది, దానికి నేనే డబ్బు కట్టాను.

వెండర్‌కు ఫోన్ చేస్తే "నెట్ మీటర్ మీ బాధ్యత మేడమ్, కాగితంలో ఉంది కదా" అన్నాడు. తీరా చూస్తే పోర్టల్‌లో బిగింపు వివరాలే ఎక్కించలేదు. తిట్టుకుంటూ నేనే తిరిగి పెట్టించుకున్నాను. మొత్తం 47 రోజులు.

---

కొండారెడ్డి_బురుజు · జనవరి 6, ఉదయం 9:30

అక్కా, మీ మీటర్ పాతది కాబట్టి అలా అయింది. ఇప్పుడు అన్నీ డిజిటల్ మీటర్లే కదా.

---

పెన్నా_తీరం · జనవరి 6, మధ్యాహ్నం 1:20

కరెంటు ఆఫీసులో పని చేసి రిటైర్ అయినవాణ్ణి. పైన అన్న మాట సరికాదు నాయనా. అమ్మాయి చెప్పింది డిజిటల్ మీటర్ గురించే అయ్యుంటుంది. తిరిగే చక్రం ఉన్న పాత మీటర్ వెనక్కి తిరిగేది. ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటిని దొంగ కనెక్షన్లు పట్టుకోడానికని, కరెంటు ఎటు పారినా కూడుకునేలాగే చేశారు. కాబట్టి నెట్ మీటర్ పడేదాకా సోలార్ మెయిన్ ఆఫ్‌లో ఉండాల్సిందే. అనుమతి లేకుండా లైన్‌లోకి కరెంటు వదలడం స్తంభం ఎక్కే మా లైన్‌మన్‌కు కూడా మంచిది కాదు.

ఇక అసలు ప్రశ్న. సర్వీసు పేరు మార్చకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. పోర్టల్‌లో దరఖాస్తు ఆ సర్వీసు నంబర్ మీదే పోతుంది. సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా పేరు కూడా దానితో కలవాలి. మామగారి పేరుతో ఉంటే ఆ 78,000 ఎవరి ఖాతాలో వేస్తారు? ముందు పేరు మార్పిడి, తర్వాత దరఖాస్తు, ఆ తర్వాత అడ్వాన్స్. "తర్వాత చూసుకుందాం" అనేవాడికి నష్టం లేదు, నష్టమంతా మీకే.

---

మబ్బుల్లేని_ఆకాశం · జనవరి 6, మధ్యాహ్నం 2:10

నాదో డౌట్. మా ఊళ్ళో రోజూ రెండు గంటలు కరెంటు పోతుంది. దీనికి ఎన్ని బ్యాటరీలు పెట్టుకోవాలి? 150 ఏహెచ్ రెండు చాలా?

---

ఓర్వకల్లు_ఇంజనీరు · జనవరి 6, రాత్రి 8:30

@మబ్బుల్లేని_ఆకాశం, వాళ్ళు అడుగుతున్నది బ్యాటరీ లేని సిస్టమ్ గురించి. లైన్ కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది, మిట్ట మధ్యాహ్నం అయినా సరే. బ్యాటరీ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి, లెక్క మారిపోతుంది, వేరే థ్రెడ్ పెట్టండి. అయితే మీ మాట ఇక్కడ ఒకందుకు పనికొస్తుంది. కరెంటు పోయిన గంటల్లో తయారు కాని యూనిట్లకు వెండర్ జవాబుదారీ కాడు. ఆ మినహాయింపు అగ్రిమెంట్‌లో ఉండటం న్యాయమే.

ఇప్పుడు "నెలకు సుమారు 360 యూనిట్లు" సంగతి. ఈ అంకె అబద్ధం కాదు. మీ 3.27 కిలోవాట్లకు అనంతపురంలో ఏడాది సగటు అంత వస్తుంది. చిక్కంతా "సుమారు" దగ్గర, "నెలకు" దగ్గర. మార్చి, ఏప్రిల్‌లో 400 దాటుతుంది. జూలై, ఆగస్టులో మీ ఊళ్ళో వాన పడకపోయినా మబ్బు పట్టి ఉంటుంది, 300కు పడిపోవచ్చు. ఆగస్టులో మీరు గొడవపెడితే వెండర్ ఏప్రిల్ చూపిస్తాడు. అందుకే హామీ ఏడాదికి ఉండాలి: "మొదటి సంవత్సరం 4,300 యూనిట్లకు తగ్గదు, ఆపైన ఏటా ఇంత శాతం తగ్గుదల" అని. కొలిచేది ఇన్వర్టర్ యాప్ కాదు, సోలార్ జనరేషన్ మీటర్ అని కూడా రాయించండి.

నమూనా అగ్రిమెంట్‌లో ఇంకో రకం హామీ ఉంటుంది. పెర్ఫార్మెన్స్ రేషియో కమీషనింగ్ నాటికి 75 శాతం ఉండాలి, 5 ఏళ్ళ వారంటీ కాలమంతా నిలబెట్టాలి. భయపడే లెక్కేం కాదు. ఆ రోజు ఎండ కొలిచే సెన్సర్ ప్యానెళ్ళ పక్కన పెడతారు. అది చదరపు మీటరుకు 5.8 యూనిట్ల ఎండ పడిందని చూపించిందనుకోండి. 3.27 ను 5.8 తో గుణిస్తే దాదాపు 19. కాగితం మీద ప్యానెళ్ళు ఇవ్వాల్సింది అన్ని యూనిట్లు. అందులో ముప్పాతిక, అంటే 14.2 యూనిట్లు జనరేషన్ మీటర్‌లో కనపడాలి. 11 కనపడితే ఎక్కడో తప్పుంది: నీడ, దుమ్ము, వదులు కనెక్షన్, లేదా ఏదో ఒక ప్యానెల్. మబ్బు వంక చెప్పడానికి ఇందులో వీల్లేదు, ఎందుకంటే మబ్బు పడితే సెన్సర్ అంకె కూడా తగ్గుతుంది. ఆ సెన్సర్ తెచ్చి చూపించాల్సింది వెండరే, కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో. కానీ ఇళ్ళ దగ్గర చాలామంది తేరు, మీరు అడగాలి.

---

కొండారెడ్డి_బురుజు · జనవరి 6, రాత్రి 9:15

అయితే మా బావమరిదిని ముంచినట్టే ఉందే. పోయిన మే నెలలో మిట్ట మధ్యాహ్నం 3 కిలోవాట్ల సిస్టమ్ యాప్‌లో 2.4 చూపించింది. నేనే చూశా. మేఘం ముక్క కూడా లేదు. మిగతా 600 వాట్లు ఎవరు తిన్నట్టు?

---

ఓర్వకల్లు_ఇంజనీరు · జనవరి 6, రాత్రి 9:50

ఎండే తినింది. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. కర్నూలు మే నెలలో గాలే 42 డిగ్రీలుంటే ప్యానెల్ ఒళ్ళు 65 దాటుతుంది. ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున పోతుంది. 40 డిగ్రీలకు 14 శాతం. అంటే 3 కిలోవాట్లు అక్కడికక్కడే 2.58. దాని మీద దుమ్ము, వైరు, ఇన్వర్టర్ తిన్నది తీసేస్తే 2.4 మంచి అంకే. మీ బావమరిదినేం ముంచలేదు. జనవరి చల్లటి మధ్యాహ్నం చూడండి, ఇంకాస్త పైకే కనపడొచ్చు.

అందుకే ఒక క్షణం అంకె చూసి గొడవపడొద్దు, ఏడాది లెక్క రాయించుకోండి అంటున్నా.

---

నాపరాయి_బేతంచెర్ల · జనవరి 7, ఉదయం 7:30

మాది బేతంచెర్ల. చుట్టూ నాపరాయి పాలిష్ యూనిట్లు. మా ప్యానెళ్ళ మీద పదిరోజులకోసారి సున్నం పూసినట్టు పొర పేరుకుంటుంది. కడిగేది ఎవరు అని మా అగ్రిమెంట్‌లో లేదు. వెండర్ నేనంటాడు, నేను వెండరంటాను. ఈలోగా మా ఆవిడ బోరు నీళ్ళు పైపుతో కొట్టింది. ఎండెక్కాక కొట్టింది. ఆ నీళ్ళు అక్కడే ఆరి ఉప్పు చారలు పడ్డాయి, ఇప్పుడు దుమ్ము కన్నా ఆ చారలే మొండిగా ఉన్నాయి. మన సీమ బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, టీ గిన్నెలో కూడా తెల్లగా కడుతుంది. తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు, వాన నీళ్ళో మంచినీళ్ళో పోసి మెత్తటి గుడ్డతో తుడవాలట. తెలిసేసరికి ఆలస్యమైంది.

కానీ నా అసలు బాధ నీడ. మే నెలలో బిగించారు. అప్పుడు మేడ మీద ఎక్కడా నీడ లేదు, ఎంత బాగుందో అనుకున్నాం. నవంబర్ వచ్చేసరికి మెట్ల గది నీడ రెండు ప్యానెళ్ళ మీదికి పాకింది. పొద్దున పదకొండు దాకా అక్కడే ఉంటుంది. వెండర్‌ను అడిగితే "మీ గది నేను కట్టానా" అన్నాడు. అదీ నిజమే, ఏం చెప్పమంటారు.

---

ఓర్వకల్లు_ఇంజనీరు · జనవరి 7, ఉదయం 8:10

గది అతను కట్టలేదు, కానీ ప్యానెల్ ఎక్కడ పెట్టాలో తేల్చింది అతనే కదా. మే నెలలో మన దగ్గర సూర్యుడు నడినెత్తిన, ఇంకా చెప్పాలంటే కాస్త ఉత్తరంగా ఉంటాడు. డిసెంబర్ చివర, జనవరి మొదట్లో దక్షిణానికి వాలి మధ్యాహ్నానికి కూడా 52, 53 డిగ్రీల ఎత్తుకు మించడు. 3 మీటర్ల మెట్ల గది ఉంటే పట్టపగలు 12 గంటలకే ఉత్తరం వైపు రెండుంబావు మీటర్ల నీడ పడుతుంది. పొద్దున 9కి దానికి రెండింతలకు పైనే. అన్నీ ఒకే వరుసగా కలిపిన సిస్టమ్‌లో ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ ప్యానెల్ దాదాపు లేనట్టే, ఒక్కోసారి మొత్తం వరుస వోల్టేజీ కూడా దెబ్బతింటుంది.

@కోవూర్‌నగర్_మేడ, మీకు అదృష్టం, ఇది జనవరి. రేపు పొద్దున 9కి, 12కి, సాయంత్రం 3కి మేడెక్కి నీడ ఎక్కడిదాకా ఉందో గీత గీయండి. ఫోటో తీసి, ప్యానెళ్ళ స్థానం చూపే డ్రాయింగ్‌తో కలిపి అగ్రిమెంట్‌కు అతికించండి. సంతకం రోజు ఉన్న కట్టడాల నీడకు వెండర్ బాధ్యుడు, తర్వాత మీరు పెట్టే కొత్త ట్యాంకుకు మీరు బాధ్యులు అని ఒక వాక్యం చాలు.

---

కోవూర్‌నగర్_మేడ · జనవరి 7, రాత్రి 9:00

ఇంత ఉందని తెలియదు. బుధవారం సంతకం వద్దన్నాను, వెండర్ ముఖం మాడ్చుకున్నాడు. మరి 25 ఏళ్ళ వారంటీ మాటేంటి? కొండారెడ్డి_బురుజు గారు అన్నట్టు అది గట్టిదేనా?

---

ఓర్వకల్లు_ఇంజనీరు · జనవరి 7, రాత్రి 10:05

సగం గట్టిది. "సిస్టమ్‌కు 25 ఏళ్ళు" అనేది మన దగ్గర మామూలుగా ఉండదు. 25 ఏళ్ళు ప్యానెల్‌కు, అదీ దాని శక్తికి మాత్రమే. 25 ఏళ్ళ చివర కనీసం 80 శాతం ఇస్తుందని ప్యానెల్ కంపెనీ ఇచ్చే మాట అది. అద్దం పగుళ్ళు, వెనక షీటు ఊడటం, జంక్షన్ బాక్స్ కాలటం లాంటివి వేరే వారంటీ కిందికి వస్తాయి, అది సాధారణంగా 10 లేదా 12 ఏళ్ళు. ఇన్వర్టర్‌కు దాని కంపెనీ ఇచ్చినన్నాళ్ళే, కొన్ని 5, కొన్ని 8, కొన్ని 10. మొదట పోయేది అదే. కాబట్టి దాని అంకె విడిగా రాయించండి. వీటన్నిటి మీద వెండర్ ఇచ్చే 5 ఏళ్ళ మెయింటెనెన్స్ ఉంటుంది, పథకం కింద అది తప్పనిసరి. వైరు ఊడినా, స్ట్రక్చర్ బోల్టు తుప్పుపట్టినా అందులోకే వస్తుంది.

శక్తి వారంటీ క్లెయిమ్ చేయడం తేలిక కాదు. పదకొండో ఏట ఒక ప్యానెల్ తక్కువ ఇస్తోందని మీ అనుమానం. రుజువు చేయాలంటే దాన్ని విప్పి ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించాలి. విప్పే కూలి, లారీ ఖర్చు, ల్యాబ్ ఫీజు ఎవరివి? చాలా కంపెనీల కాగితాల్లో కస్టమర్‌వే. వెండర్‌తో కనీసం మొదటి 5 ఏళ్ళకైనా ఆ ఖర్చులు తనవేనని రాయించగలిగితే మంచిది. ఆ తర్వాత సంగతి నిజంగా చెప్పాలంటే నాకూ మంచి దారి కనపడలేదు.

ఇంకొకటి, ప్రతి ప్యానెల్ మీదా సీరియల్ నంబర్ ఉంటుంది. ఆరు నంబర్లూ, ఇన్వర్టర్‌దీ ఇన్వాయిస్‌లో ఉండాలి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్ళు దేశీయ సెల్స్‌తో తయారైన డీసీఆర్ రకమై ఉండాలి. ఆ సర్టిఫికెట్ నంబర్లతో కలవాలి. లారీ దిగినప్పుడే ఫోన్‌తో ఆ నంబర్లు ఫోటో తీసుకోండి. మేడెక్కాక వెనక వైపు చూడటానికి పాక్కుంటూ పోవాలి.

---

సోలార్_శీనా · జనవరి 8, ఉదయం 7:15

నేను ప్రొద్దుటూరులో చిన్న వెండర్‌ని. అందరూ మమ్మల్ని దొంగలన్నట్టు రాస్తున్నారు, మా వైపు కూడా ఒకమాట వినండి సామీ.

70 శాతం ఎందుకు అడుగుతామంటే, ప్యానెళ్ళు డిస్ట్రిబ్యూటర్ దగ్గర అప్పు ఇవ్వరు, పూర్తి డబ్బు కడితేనే లారీ కదులుతుంది. రేటు వారానికోసారి మారుతుంది. పోయినేడాది ఒకాయన 15 శాతం "సబ్సిడీ వచ్చాక ఇస్తా" అని రాయించుకున్నాడు. కమీషనింగ్ అయిపోయింది. ఆయన బ్యాంకు ఖాతా పేరులో ఒక అక్షరం తేడా ఉంది, సబ్సిడీ ఆగింది. నాలుగు నెలలు నా 29,000 ఆగింది. తప్పు నాదా?

నెట్ మీటర్ కూడా అంతే. పేపర్లు ఎక్కించడం, మీటర్ టెస్టింగ్‌కు తీసుకెళ్ళడం నా పని, ఒప్పుకుంటా. కానీ తనిఖీకి వాళ్ళు ఎప్పుడొస్తారో నా చేతిలో ఉందా?

---

ఓర్వకల్లు_ఇంజనీరు · జనవరి 8, ఉదయం 7:50

శీనా గారు చెప్పింది న్యాయం. నేను "సబ్సిడీ తర్వాత" అనలేదు, "కమీషనింగ్ తర్వాత" అన్నా. సబ్సిడీ కస్టమర్ ఖాతాకు సంబంధించిన విషయం, దానికి వెండర్ డబ్బు ముడిపెట్టడం తప్పే. కమీషనింగ్ రిపోర్ట్ వెండర్ పని సరిగా జరిగిందని చెప్పే కాగితం, దానికి ముడిపెట్టాలి.

బాధ్యత కూడా రెండుగా విడగొట్టొచ్చు. బిగించిన ఐదు రోజుల్లో వివరాలు, ఫోటోలు పోర్టల్‌లో ఎక్కించడం, మీటర్ టెస్ట్ చేయించడం వెండర్‌ది. సంతకాలు, పేరు, ఖాతా సరిగా ఇవ్వడం కస్టమర్‌ది. ఇక డిస్కం. 2024లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించారు. 10 కిలోవాట్ల దాకా దరఖాస్తు అన్నీ సరిగా ఉంటే సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు లెక్క. బిగించినట్టు సర్టిఫికెట్ ఇచ్చాక కమీషన్ చేయడానికి 30 రోజులున్న గడువును 15 చేశారు. ఆ గడువు దాటితే వెండర్‌ను తిట్టకుండా డిస్కంకు రాతపూర్వకంగా రాయాలి.

---

పెన్నా_తీరం · జనవరి 8, ఉదయం 10:30

15 రోజులంటే కాగితం మీద. మీటర్ నిల్వ లేకపోతే ఎవరేం చేస్తారు. అయినా రాసిచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి.

---

లెక్కల_మనిషి · జనవరి 8, మధ్యాహ్నం 12:45

మొదటి పోస్టులో 1,95,000 చూశాను. జీఎస్టీ ఎంత వేశాడు? కొటేషన్ ఇంకా ఉంటే చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద 12 శాతం 5కు దిగింది. మొత్తం ధరలో 70 శాతం వస్తువు, 30 శాతం పని కింద లెక్కేస్తారు. పనికి 18 శాతమే ఉంది. పాత లెక్కలో మొత్తం మీద 13.8 పడేది, ఇప్పుడు 8.9.

---

కోవూర్‌నగర్_మేడ · జనవరి 8, రాత్రి 8:20

చూశాను. 13.8 శాతమే వేశాడు! పాత ఫార్మాట్ అలాగే ఉంచేశాడట. లెక్క సరిచేస్తే 1,86,600 అయింది. పది వేలు తగ్గించమని బేరమాడమన్నారు, ఎనిమిది వేల పైన బేరం లేకుండానే తగ్గింది.

---

కోవూర్‌నగర్_మేడ · జనవరి 11, రాత్రి 9:30

రెండు గంటలు కూర్చుని మాట్లాడాం. ఎక్కడిదాకా వచ్చామో రాస్తున్నా.

డబ్బు నాలుగు విడతలు. ఆర్డర్‌తో 25 శాతం, అంటే 46,650. మెటీరియల్ ఇంటికి దిగి సీరియల్ నంబర్లు సరిచూసుకున్నాక 50 శాతం, 93,300. బిగించాక 15 శాతం, 27,990. నెట్ మీటర్ పడి కమీషనింగ్ రిపోర్ట్ వచ్చాక చివరి 10 శాతం, 18,660. మొదటి విడత దగ్గరే గంట సేపు పట్టింది. శీనా గారి పోస్టు చదివాను కాబట్టి డిస్ట్రిబ్యూటర్ మాట అతను ఎత్తేముందే నేనే ఎత్తాను. లారీ దిగిన గంటలోపు 50 శాతం వేస్తానని మాటిచ్చాక దిగొచ్చాడు.

నెట్ మీటర్ పడేదాకా సోలార్ మెయిన్‌కు తాళం వేసి, తాళంచెవి వెండర్ దగ్గరే ఉంచుకోవాలని రాయించాను. టీచరమ్మ గారికి థాంక్స్. వారంటీలు విడివిడిగా రాశాడు: ఇన్వర్టర్‌కు 8 ఏళ్ళు, ప్యానెల్ తయారీకి 12, శక్తికి 25. మెయింటెనెన్స్ 5 ఏళ్ళు, మూడు నెలలకోసారి వచ్చి చూస్తాడు, మధ్యలో కడుక్కోవడం మాది.

తెగనిది ఒక్కటే. ఏడాదికి 4,300 యూనిట్లు రాసుకోవడానికి ఒప్పుకున్నాడు. తగ్గితే యూనిట్‌కు ఎంత అనే దగ్గర ఆగింది. నేను నా పై స్లాబు రేటు 8.75 అడిగాను. అతను 3 రూపాయలంటాడు. ఎంత అడగడం న్యాయం?

---

లెక్కల_మనిషి · జనవరి 11, రాత్రి 10:00

తగ్గిన యూనిట్లన్నీ పై స్లాబులోవే కావు. 360 యూనిట్లకు మీ ఎనర్జీ చార్జీ దాదాపు 2,200, అంటే సగటున యూనిట్‌కు 6 రూపాయల పైచిలుకు. అక్కడ కలవండి.

---

సోలార్_శీనా · జనవరి 12, ఉదయం 6:40

నేనైతే 6 కూడా రాయను సామీ. ఒక ఏడాది మబ్బులు ఎక్కువ పడితే నా లాభమంతా పోతుంది. 75 శాతం రేషియో హామీ ఇస్తా, తక్కువైతే ప్యానెల్ మార్చి సరిచేస్తా. డబ్బు హామీ వద్దు.

---

ఓర్వకల్లు_ఇంజనీరు · జనవరి 12, ఉదయం 7:05

అదీ ఒక పద్ధతే. కానీ సరిచేసేదాకా ఎన్నాళ్ళు ఆగాలి? 30 రోజుల గడువైనా పెట్టాలి. మబ్బుల సంగతిలో శీనా గారితో నేను పూర్తిగా వాదించలేను. 4,300 కాస్త తగ్గించే రాశా, అయినా చెడ్డ ఏడాది ఉండొచ్చు. @కోవూర్‌నగర్_మేడ, పేరు మార్పిడి ఎంతవరకు వచ్చింది? నీడ గీతలు గీశారా?

---

కోవూర్‌నగర్_మేడ · జనవరి 12, మధ్యాహ్నం 3:20

పేరు మార్పిడికి మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. అది వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వనని చెప్పేశా.

నీడ గీతలకు సుద్దముక్క దొరకలేదు. మా ఆవిడ సంక్రాంతికి తెచ్చుకున్న ముగ్గుపిండి డబ్బా పట్టుకుని పైకి పోయాను. పొద్దున 9కి ఒకటి, 12కి ఒకటి, ఇప్పుడే 3 గంటలది గీసి దిగాను. పొద్దున గీతలో పడమటి మూల ప్యానెల్ సగం నీడలో ఉంది. వెండర్ డ్రాయింగ్‌లో అది సరిగ్గా అక్కడే ఉంది. ఫోటో రాత్రికి పెడతా, ముందు ఆ డబ్బా ఎవరు ఖాళీ చేశారో ఇంట్లో చెప్పుకోవాలి.